ధర లక్ష దాటినా గనుల్లో బంగారం ఎందుకు పెరగదు?

క్లుప్తంగా: ఇప్పటిదాకా మనుషులు తవ్వి తీసిన బంగారం 2024 చివరికి సుమారు 2,16,000 టన్నులు. గనుల నుంచి ఏటా కొత్తగా వచ్చేది సుమారు 3,650 టన్నులు, అంటే ఉన్నదానిమీద 1.7 శాతం. ధర ఎంత పెరిగినా ఈ అంకె ఏళ్ల తరబడి పెద్దగా కదలడం లేదు. రాయిలో బంగారం మరీ పలచగా ఉండటం, ఆ రాయిని నూరే మిల్లు సామర్థ్యానికి హద్దు ఉండటం, కొత్త గని మొదలవడానికి పదిహేనేళ్లకు పైగా పట్టడం ఇందుకు ముఖ్య కారణాలు.

2025 ఏప్రిల్‌లో 10 గ్రాముల మేలిమి బంగారం ధర లక్ష రూపాయలను తాకింది. అదే ఏడాది అక్టోబరులో అంతర్జాతీయ మార్కెట్‌లో ఔన్సు 4,000 డాలర్లు దాటింది. పెళ్లి నగలు చేయించుకునే వాళ్ల దగ్గర అప్పటినుంచీ ఒక మాట తరచూ వినబడుతోంది: "ఇంత రేటు పలుకుతుంటే గనులవాళ్లు ఊరుకుంటారా? ఎక్కువ తవ్వుతారు, సరుకు పెరిగితే రేటు అదే దిగుతుంది."

ప్రకాశం జిల్లా పొగాకు రైతుకు ఈ తర్కం కొత్త కాదు. ఒక ఏడాది ధర బాగుంటే, మరుసటి ఏడాది కౌలుకు తీసుకుని మరీ వేస్తారు. పంట ముంచెత్తుతుంది, ధర కూలుతుంది. 2025లో నల్ల బర్లీకి జరిగింది ఇదే. కంపెనీలు కొనడానికి వెనకాడితే ప్రభుత్వం మార్క్‌ఫెడ్ చేత కొనిపించాల్సి వచ్చింది. పొగాకులో ధరకూ సరఫరాకూ మధ్య దూరం ఒక్క పంటకాలం. వెనామీ రొయ్యకైతే నాలుగు నెలలు చాలు. బంగారంలో ఆ దూరం ఒక తరం దాకా సాగుతుంది. పైగా అక్కడ సరఫరా అంటే కొత్త పంట ఒక్కటే కాదు, వేల ఏళ్ల పాత పంట అంతా ఇంకా గాదెలోనే ఉంది.

### గాదెలో ఉన్నది ఎంత?

ప్రపంచ స్వర్ణ మండలి అంచనా ప్రకారం 2024 చివరికి భూమిమీద ఉన్న బంగారం 2,16,265 టన్నులు. ఇందులో దాదాపు 45 శాతం నగల రూపంలో ఉంది. 22 శాతం బిస్కెట్లు, నాణేలు, గోల్డ్ ఈటీఎఫ్‌ల ఖజానాల్లో ఉంది. కేంద్ర బ్యాంకుల దగ్గర ఉన్నది 17 శాతం. మిగిలినది పరిశ్రమల్లో, దంతవైద్యంలో, ఇతరత్రా. ఈ మొత్తంలో సుమారు మూడింట రెండు వంతులు 1950 తర్వాత తవ్వినదే.

అంకె పెద్దదిగా కనబడినా వస్తువు చిన్నది. ఒక ఘనపు మీటరు బంగారం 19.3 టన్నులు తూగుతుంది. ప్రపంచంలోని బంగారమంతా కరిగించి ఒకే ఘనంగా పోస్తే ఒక్కో పక్క 22 మీటర్ల పైచిలుకు వస్తుంది. అంటే క్రికెట్ పిచ్ పొడవుకన్నా రెండు మీటర్లు ఎక్కువ, ఎత్తు ఏడంతస్తుల మేడంత. ఒక ఏడాదిలో ప్రపంచంలోని గనులన్నీ కలిసి తీసిన బంగారాన్ని ఆ ఘనం పైకప్పుమీద పరిస్తే మందం 38 సెంటీమీటర్లు, మూరకు తక్కువే.

బియ్యం తింటే అయిపోతాయి, పెట్రోలు కాలిపోతుంది. బంగారం తుప్పు పట్టదు, అరగడమూ తక్కువే. పోగొట్టుకున్నదాన్ని కూడా జనం వెతికి పట్టుకుంటారు. నగల దుకాణాల ముందు ఊడ్చిన మట్టిని, కాలువలోని బురదను పళ్లెంలో కడిగి బంగారపు పొడి తీసి బతికేవాళ్లు ఉన్నారంటే కారణం అదే. అందుకని తవ్విన ప్రతి గ్రామూ నిల్వకు చేరుతుందే గాని, నిల్వ నుంచి తరిగేది దాదాపు లేదు. 2,16,000 టన్నులను 3,650తో భాగిస్తే సుమారు 59 వస్తుంది. ఇప్పుడున్న వేగంతో ఇప్పుడున్నంత నిల్వను మళ్లీ తవ్వాలంటే 59 ఏళ్లు పడుతుందన్నమాట.

ఈ పోలికలో తరచూ మరుగున పడే విషయం ఒకటుంది. ఉత్పత్తి పెరగడం వేరు, నిల్వ పెరగడం వేరు. ఏదో మాయ జరిగి రేపటికి గనుల ఉత్పత్తి రెట్టింపయినా, నిల్వ పెరిగే వేగం 1.7 శాతం నుంచి 3.4 శాతానికి చేరుతుంది, అంతే. పొగాకు పంట రెట్టింపయితే సంతలో సరుకు నిజంగానే రెట్టింపవుతుంది. బంగారంలో అలా జరగదు.

### ఒక సవర వెనక ఎంత రాయి?

భూమి పైపొరలో బంగారం సగటున 250 టన్నుల రాయికి ఒక గ్రాము. ఆ స్థాయిలో తవ్వడం ఎవరికీ గిట్టదు. ప్రకృతి దాన్ని ఎక్కడైనా రెండు మూడు వందల రెట్లు చిక్కబరిచి ఉంటేనే అక్కడ గని పుడుతుంది. వేడినీళ్లు రాతి పగుళ్లలోంచి పైకి వస్తూ, చల్లబడేచోట బంగారాన్ని దించి వెళ్లిన ప్రాంతాలవి. అలాంటివి అరుదు. ఉన్నవాటిలో పైకి కనబడేవాటిని పాతకాలంవాళ్లే చాలామటుకు తవ్వేశారు.

ఈ రోజు పెద్ద ఓపెన్‌కాస్ట్ గనుల్లో టన్ను ఖనిజానికి ఒక గ్రాము అటూఇటూ ఉంటే మామూలు గని కిందే లెక్క. అదెంతో చూడాలంటే చీమకుర్తి క్వారీలో ఒక బ్లాకు దగ్గర నిలబడితే చాలు. ఒక్కో పక్క మీటరు ఉండే గెలాక్సీ గ్రానైట్ బ్లాకు బరువు సుమారు మూడు టన్నులు. ఆ బ్లాకే బంగారపు ఖనిజం అయి ఉంటే, దానిలో దొరికేది మూడు గ్రాములు. అదంతా ఒకచోట పోగుచేసినా పది పదిహేను బియ్యపు గింజలంతే ఉంటుంది. ఒకచోట ఉండదు కూడా, కంటికి కనబడని నలుసులుగా రాయంతా చెదిరి ఉంటుంది. క్వారీవాళ్లు రాయిని రాయిగానే అమ్ముతారు. బంగారపు గని ఆ బ్లాకును ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తగా నూరాలి.

ఇప్పుడు ఒక సవర లెక్క. 8 గ్రాముల 916 బంగారంలో మేలిమి 7.33 గ్రాములు. టన్నుకు ఒక గ్రాము ఉన్న ఖనిజంలోంచి 90 శాతం చేతికి వస్తుందనుకుంటే, దీనికి 8 టన్నుల పైచిలుకు ఖనిజం నూరాలి. ఆ ఖనిజాన్ని చేరాలంటే పైనున్న పనికిరాని రాయిని తొలగించాలి. ఖనిజం ఒక టన్నుకు మూడు టన్నుల వృథా రాయి అనుకుంటే, అది మరో 24 టన్నులు. మొత్తం 32 టన్నుల పైమాటే, పది చక్రాల టిప్పర్‌కు రెండు లోడ్లు. అదీ ఒకే ఒక్క సవరకు.

నూరిన పొడిని నీళ్లతో కలిపి పెద్ద తొట్లలో పలచటి సోడియం సయనైడ్ ద్రావణంతో సుమారు ఒక రోజు తిప్పుతారు. గాలి పంపుతూ ఉంటే బంగారం అందులో కరుగుతుంది. సున్నం వేసి ద్రావణం పీహెచ్‌ను 10.5కి దగ్గరగా నిలపాలి. అది తగ్గితే ప్రాణాలు తీసే హైడ్రోజన్ సయనైడ్ వాయువు లేస్తుంది. కరిగిన బంగారాన్ని కొబ్బరి చిప్పల బొగ్గు పట్టుకుంటుంది. ఆ బొగ్గునుంచి దాన్ని వేడి ద్రావణంతో విడిపించి, విద్యుత్తుతో ఇనుప ఉన్నిమీదకు చేర్చి, కరిగించి కడ్డీ పోస్తారు.

చాలా గనులు దెబ్బతినేది తొట్ల దగ్గరే. పైపొరల్లో గాలి, నీరు తగిలి మెత్తబడిన ఖనిజం సయనైడ్‌కు సులువుగా లొంగుతుంది. లోతుకు పోయేకొద్దీ బంగారం గంధకపు ఖనిజాల్లో, ముఖ్యంగా పైరైట్‌లో, ఇరుక్కుని ఉంటుంది. ఎంత నూరినా ద్రావణం దాన్ని తాకలేదు. 90 శాతం వచ్చిన గనిలోనే 50, 60కి పడిపోవచ్చు. ఖనిజాన్ని ముందుగా కాల్చడమో, అధిక పీడనంలో ఆక్సిజన్‌తో ఉడికించడమో చేయాలి. అది వేరే ఫ్యాక్టరీ, వేరే పెట్టుబడి. నేలలో బంగారం ఉందన్న ప్రకటనకూ అది కడ్డీగా మారడానికీ మధ్య ఉన్న దూరం తెలియాలంటే, టన్నుకు ఎన్ని గ్రాములు అన్నదానితోపాటు అందులో ఎంత శాతం చేతికొస్తుందో కూడా అడగాలి.

### ధర పెరిగితే ఉత్పత్తి తగ్గే విచిత్రం

పాత గనుల్లో ధర పెరిగిన వెంటనే జరిగేది చాలామంది ఊహకు సరిగ్గా తలకిందులు. దీన్ని అర్థం చేసుకోవడానికి కటాఫ్ గ్రేడ్ అనే లెక్క తెలియాలి. తవ్విన రాయిని మిల్లుకు పంపాలా, పక్కన గుట్టలో పోయాలా అని తేల్చే గీత అది.

లెక్క సులువుగా ఉండటానికి కొన్ని గుండ్రటి అంకెలు అనుకుందాం. ఒక టన్ను రాయిని నూరి బంగారం తీయడానికి 2,500 రూపాయల ఖర్చు. గ్రాము ధర 5,000 రూపాయలు. 90 శాతం చేతికి వస్తుంది గనుక రాయిలోని ఒక గ్రాము విలువ 4,500. అలాగైతే టన్నుకు 0.56 గ్రాములు ఉన్న రాయి దగ్గర ఖర్చూ రాబడీ సమానం. అంతకంటే తక్కువ ఉన్నదంతా చెత్త. ఇప్పుడు గ్రాము ధర 10,000 అయిందనుకుందాం. గీత 0.28కి దిగుతుంది. నిన్నటిదాకా చెత్త గుట్టకు పోయిన రాయి ఇవాళ ఖనిజం. కాగితంమీద గని నిల్వలు ఒక్కసారిగా పెరుగుతాయి. షేర్ మార్కెట్‌కు అది శుభవార్త.

కానీ మిల్లు మాత్రం అదే. రోజుకు 10,000 టన్నులు నూరే మిల్లు ధర రెట్టింపయిందని 20,000 టన్నులు నూరదు. ఇదివరకు దానిలోకి సగటున 1.2 గ్రాముల ఖనిజం వెళ్లేది, రోజుకు 10.8 కిలోల బంగారం వచ్చేది. ఇప్పుడు పలచటి రాయి కూడా కలిసి సగటు ఒక గ్రాముకు దిగితే రోజుకు వచ్చేది 9 కిలోలే. 350 పనిదినాలకు లెక్కేస్తే 3,780 కిలోలనుంచి 3,150 కిలోలకు పడిపోయింది. ధర రెట్టింపు, ఉత్పత్తి ఆరో వంతు తక్కువ. కంపెనీకి నష్టమేమీ లేదు, పైగా గని ఆయుష్షు పెరిగింది. మార్కెట్‌కు వచ్చే బంగారం మాత్రం తగ్గింది.

చిక్కటి ఖనిజాన్నే ముందు నూరి, పలచటిదాన్ని పక్కన పోగుపెట్టుకునే గనులు కూడా ఉన్నాయి కాబట్టి ప్రతిచోటా ఇలాగే జరుగుతుందని కాదు. అయితే గొయ్యి ఆకారం ఏ రాయి ఎప్పుడు బయటపడాలో చాలావరకు ముందే నిర్ణయిస్తుంది. కావలసిన రాయిని మధ్యలోంచి ఏరుకోవడానికి కుదరదు.

మొత్తం ప్రపంచపు అంకెలు చూసినా ఇదే కనబడుతుంది. 2018లో గనుల ఉత్పత్తి సుమారు 3,650 టన్నులు. ఆ ఏడాది ఔన్సు ధర 1,300 డాలర్లకు అటూఇటూ ఉంది. 2024లో ధర సగటున 2,300 డాలర్లు దాటింది. ఉత్పత్తి మాత్రం మళ్లీ సుమారు 3,650 టన్నులే.

### కోలార్ చెప్పే లెక్క

గని ముసలిదయ్యే తీరు మన పక్కనే ఉంది. కోలార్‌లో 1880 తర్వాత ఆధునిక పద్ధతిలో తవ్వకం మొదలైనప్పుడు టన్నుకు 40 గ్రాములకు పైగా వచ్చేది. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లు దాటి లోతుకు దిగింది. చివరికి టన్నుకు మూడు గ్రాములకు పడిపోయింది. అంత లోతులో వేడి, రాయి ఉన్నట్టుండి పగిలే ప్రమాదం, పైకి లాగే ఖర్చు అన్నీ కలిసి 2001 ఫిబ్రవరిలో మూతపడింది. సుమారు 120 ఏళ్లలో కోలార్ ఇచ్చిన మొత్తం బంగారం దాదాపు 800 టన్నులు. 2024లో ఒక్క ఏడాదిలో భారతీయులు కొన్న నగలు, బిస్కెట్లు కలిపి దాదాపు 800 టన్నులే.

దక్షిణాఫ్రికాది ఇంకా పెద్ద పతనం. 1970లో అది ఒక్కటే వెయ్యి టన్నులు తీసింది, ఇప్పుడు వంద టన్నుల దగ్గర ఉంది. చైనా, రష్యా, ఆస్ట్రేలియా, కెనడా, ఘనా వంటి దేశాలు పెంచినదానిలో పెద్ద భాగం ఈ గొయ్యిని పూడ్చడానికే సరిపోయింది. కొత్త గనులు తెరుచుకున్నాయన్న వార్తలు వస్తున్నా మొత్తం ఎందుకు పెరగడం లేదన్న ప్రశ్నకు సగం జవాబు ఇదే.

### ఇవాళ్టి ధరకు జవాబు ఎప్పుడొస్తుంది?

గనులు ధరకు అసలు స్పందించవని చెప్పడం తప్పు. స్పందిస్తాయి, కాకపోతే ఆ స్పందన వచ్చేసరికి ప్రశ్న మారిపోయి ఉంటుంది. 1980 జనవరిలో ఔన్సు 850 డాలర్లకు ఎగబాకింది. ఆ ఉత్సాహంతో అన్వేషణ పెరిగింది. పలచటి ఖనిజాన్ని గుట్టగా పోసి పైన సయనైడ్ ద్రావణం చల్లే హీప్ లీచింగ్ పద్ధతి అమెరికాలోని నెవాడాలో విస్తరించింది. 1980లో సుమారు 1,200 టన్నులుగా ఉన్న ప్రపంచ ఉత్పత్తి 2000 నాటికి రెట్టింపు దాటింది. కానీ అప్పటికి ధర 300 డాలర్ల లోపుకు పడి ఉంది. ఆ చౌక రోజుల్లో అన్వేషణ ఆగిపోవడంతో 2001 తర్వాత ధర పెరుగుతున్నా 2008 దాకా ఉత్పత్తి తగ్గుతూ వచ్చింది.

ఇంత ఆలస్యం ఎక్కడ జరుగుతుంది? ముందు మట్టి, రాతి నమూనాలు తీసి ఒక ఆనవాలు పట్టాలి. తర్వాత వజ్రపు బిట్లతో డ్రిల్లింగ్. మొదట వందల మీటర్ల ఎడంలో, ఆశ కలిగితే పాతిక, యాభై మీటర్ల ఎడంలో బోర్లు వేసి, వచ్చిన రాతి కోర్‌ను మీటరు మీటరుకూ పరీక్షిస్తారు. చాలా ప్రయత్నాలు ఇక్కడే ముగుస్తాయి. ఒక బోరులో పది గ్రాములు, పక్క బోరులో సున్నా. బంగారం ముద్దముద్దలుగా చెదిరి ఉంటుంది కాబట్టి దూరంగా వేసిన బోర్ల సగటును నమ్మితే గని తెరిచాక అసలు రంగు బయటపడుతుంది. ఇది దాటాక ఖనిజ పరీక్షలు, భూసేకరణ, పర్యావరణ అనుమతులు, అప్పు, నిర్మాణం. కనిపెట్టిన నాటినుంచి మొదటి కడ్డీ దాకా సగటున పదిహేనేళ్ల పైమాటే.

### అలాంటప్పుడు ధరను కదిలించేది ఏది?

నిల్వలో ఒక్క శాతం అంటే 2,160 టన్నులు. ఏడాది మొత్తం గనుల ఉత్పత్తిలో అది దాదాపు 60 శాతం. నూటికి ఒక్క గ్రాము అమ్మాలని ఉన్నవాళ్లు అనుకుంటే వచ్చే సరుకు, ప్రపంచంలోని గనులన్నీ ఏడు నెలలు పనిచేస్తే వచ్చే సరుకుకు సమానం. కాబట్టి స్వల్పకాలంలో ధరను తేల్చేది తవ్వేవాళ్లు కాదు, దాచుకున్నవాళ్లు. 2022, 2023, 2024 మూడేళ్లూ కేంద్ర బ్యాంకులు ఏటా వెయ్యి టన్నులకు పైగా కొన్నాయి. గనులు తీసినదానిలో నాలుగో వంతుకు మించి నేరుగా ఖజానాల్లోకి పోయింది.

సరఫరాలో ధరకు త్వరగా కదిలేది పాత బంగారం ఒక్కటే. 2024లో కరిగించడానికి వచ్చిన పాత బంగారం ప్రపంచవ్యాప్తంగా సుమారు 1,370 టన్నులు. దీనితో నిల్వ పెరగదు, చేతులు మారుతుందంతే. ధర ఇంత పెరిగినా అది పోటెత్తలేదు. అందుకు మన జిల్లాల్లో ఒక కారణం స్పష్టంగా కనబడుతుంది. చెరువుకు మేత కొనాలన్నా, పంటకు మదుపు కావాలన్నా ఇంట్లో నగ అమ్మరు, బ్యాంకులో కుదువ పెడతారు. ధర పెరిగేకొద్దీ అదే గొలుసుమీద ఎక్కువ అప్పు పుడుతుంది. నాలుగు సవర్లు పెట్టాల్సినచోట రెండు చాలుతాయి. అమ్మకానికి రావలసిన అవసరం తగ్గుతుంది. దుకాణానికి తెచ్చినవాళ్లలోనూ చాలామంది పాతది ఇచ్చి కొత్తది పట్టుకెళతారు, మార్కెట్‌కు అదనంగా మిగిలేది ఏమీ ఉండదు.

ఈ లెక్కలన్నిటికీ దగ్గర ఉదాహరణ జొన్నగిరి. తొలకరికి వజ్రాల కోసం జనం పొలాల్లో వెతికే కర్నూలు జిల్లా ఊరే ఇది. అక్కడి బంగారు గనికి 2013లో మైనింగ్ లీజు వచ్చింది. అప్పుడు మన దగ్గర 10 గ్రాముల ధర 30 వేల రూపాయలకు అటూఇటూ. పూర్తిస్థాయికి చేరితే ఏడాదికి సుమారు 750 కిలోలు తీయాలన్నది లక్ష్యం. ఆ తర్వాతి పన్నెండేళ్లలో ధర మూడు రెట్లు దాటినా గని పూర్తిస్థాయి ఉత్పత్తికి చేరలేదు. అనుకున్న 750 కిలోలూ వస్తే, దేశం ఏటా కొనే బంగారంలో అది వెయ్యోవంతుకు కాస్త తక్కువ.